అవతలివారు ఫోను ఎత్తాక: హెల్ప్‌లైన్‌కు తొలి కాల్, ఆ తరువాత తోటివారి బృందం

మానసిక సహాయం కోసం హెల్ప్‌లైన్‌కు తొలిసారి ఫోను చేసేవారిలో చాలామంది ఒకే మాటతో మొదలుపెడతారు. "ఇది అంత పెద్ద విషయం కాదేమో, మీ సమయం వృథా చేస్తున్నానేమో" అంటారు. నేను కొన్నేళ్లు ఇలాంటి ఒక లైన్‌లో వాలంటీరుగా పనిచేశాను. ఆ మాట వినిపించినప్పుడల్లా కుర్చీలో కాస్త ముందుకు జరిగి కూర్చునేదాన్ని. చిన్న విషయం కోసం అర్ధరాత్రి ఎవరూ ముక్కూమొహం తెలియని మనిషికి ఫోను చేయరు.

ఆ ఫోను చేయడానికి ముందే మనిషి చాలా ఊహించుకుంటాడు. పేరు, చిరునామా అడుగుతారని, ఉపదేశం చేస్తారని, ఇంటికి ఎవరినో పంపిస్తారని, ఏడిస్తే ఏమనుకుంటారోనని. ఆ భయంతో నంబరు నొక్కి, మోగగానే పెట్టేసేవారు ఎంతోమంది. అందుకే ఒక కాల్ నిజంగా ఎలా సాగుతుందో మొదటి నుంచి చివరి వరకు చూపిస్తాను. ఇందులోని మనిషి ఏ ఒక్కరూ కాదు. కాల్స్‌లో విన్నవి బయట చెప్పకూడదన్నది మా మొదటి నియమం కాబట్టి, తరచూ ఎదురయ్యే పోకడలతో ఈ ఉదాహరణను అల్లాను.

ఆయనకు నలభై దాటాయి. ఏడు నెలల క్రితం తమ్ముడు ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ రోజు సాయంత్రం తమ్ముడు ఈయనకు ఒకసారి ఫోను చేశాడు. ఈయన పనిలో ఉండి, తరువాత మాట్లాడదాంలే అనుకుని ఎత్తలేదు. ఆ తరువాత మాట్లాడే అవకాశం లేకపోయింది. ఇప్పుడు రాత్రి ఒంటిగంట నలభై నిమిషాలు. భార్య పక్క గదిలో నిద్రపోతోంది. ఆయన హాలులో చీకట్లో కూర్చుని హెల్ప్‌లైన్ నంబరు నొక్కాడు.

మొదట రికార్డు చేసిన స్వరం వినిపిస్తుంది. అందరూ వేరే కాల్స్‌లో ఉంటే కొంతసేపు ఆగాల్సి వస్తుంది. ఈ నిరీక్షణ చాలా కష్టమైనది. గట్టిగా తెగించి ఫోను చేసినవారికి రెండు నిమిషాలు కూడా తిరస్కారంలాగే అనిపిస్తాయి. లైన్ ఖాళీగా లేకపోవడమంటే అవతల మరొకరు మాట్లాడుతున్నారని మాత్రమే అర్థం. ఆయన ఆగాడు. చివరికి ఒక గొంతు, "నమస్కారం, చెప్పండి, వింటున్నాను" అంది.

ఆయన ఏమీ మాట్లాడలేదు.

తొలి కాల్స్‌లో ఇది సర్వసాధారణం. శిక్షణలో మాకు ముందుగా నేర్పించేవాటిలో ఒకటి ఈ మౌనాన్ని భరించడం. కంగారుపడి ప్రశ్నలు గుప్పిస్తే అవతలి మనిషి ముడుచుకుపోతాడు. వాలంటీరు కాసేపు ఆగి, "మాటలు రావడం కష్టంగా ఉందేమో. తొందరేమీ లేదు, నేను ఇక్కడే ఉన్నాను" అంది. ఇంకొంచెం సేపటికి ఆయన, "నిద్ర పట్టడం లేదండి" అన్నాడు. చాలా కాల్స్ ఇలాంటి పక్కదారి నుంచే మొదలవుతాయి. నిద్ర, తలనొప్పి, ఆఫీసులో గొడవ. అసలు విషయం వెనుక ఉంటుంది, అది తన వేళకు తాను బయటికి వస్తుంది.

"ఎన్నాళ్లుగా పట్టడం లేదు?" అని ఆమె అడిగింది. "తమ్ముడు పోయినప్పటి నుంచి" అన్నాడు. ఎలా పోయాడని ఆమె వెంటనే అడగలేదు. "తమ్ముణ్ణి పోగొట్టుకున్నారు" అని ఆయన మాటనే మెల్లగా తిరిగి ఆయన చేతికి ఇచ్చింది. ఈ పద్ధతి బయటినుంచి చూసేవారికి వట్టి చిలకపలుకులా తోస్తుంది. కానీ ఏడు నెలలుగా ఇంట్లో అందరూ ఆ ప్రస్తావన వస్తే మాట మార్చేస్తున్న మనిషికి, తన మాటను ఎవరో దాటవేయకుండా పట్టుకుని నిలబడటం ఎంత అరుదో ఊహించండి. ఆ తరువాతి పది నిమిషాలు ఆయనే మాట్లాడాడు. ఎత్తని ఫోను దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయింది.

ఈ రకమైన వినడం ఎక్కడి నుంచి వచ్చిందో కొంచెం చెప్పుకోవాలి. 1953లో లండన్‌లో చాడ్ వారా అనే చర్చి మతాధికారి, ఆత్మహత్య ఆలోచనలతో బాధపడేవారు తనకు ఫోను చేయవచ్చని ప్రకటించాడు. ఫోను చేసేవారే కాక నేరుగా వచ్చేవారూ పెరిగారు. వారు తమ వంతు కోసం ఎదురుచూస్తుంటే తోడుగా కూర్చుని టీ ఇచ్చి మాట్లాడటానికి వాలంటీర్లు చేరారు. కొన్నాళ్లకు ఆయన ఒక విషయం గమనించాడు. ఆ వాలంటీర్లతో మాట్లాడిన చాలామందికి, తమ వంతు వచ్చేసరికి ఇక తనను కలవాల్సిన అవసరమే ఉండటం లేదు. 1954లో ఆయన ఆ పనిని వాలంటీర్లకే అప్పగించాడు. సమారిటన్స్ అనే సంస్థ అలా రూపుదిద్దుకుంది. వృత్తి నిపుణుడి కోసం వేచి ఉన్న సమయమే సహాయంగా పనిచేసిందన్న ఆ పరిశీలన నుంచే నేటి హెల్ప్‌లైన్లు చాలావరకు పుట్టాయి.

అయితే వినడం ఒక్కటే చాలుతుందనుకుంటే పొరపాటు. తిరిగి మన కాల్‌కు వద్దాం. తమ్ముడి గురించి చెబుతూ చెబుతూ ఆయన, "అప్పుడప్పుడు వాడి దగ్గరికి వెళ్లిపోతే బాగుండుననిపిస్తుంది" అన్నాడు. మామూలు సంభాషణల్లో మనం ఇలాంటి మాట విని విననట్టు ఊరుకుంటాం, లేదా "అలా అనకండి" అంటాం. రెండింటి ఫలితం ఒకటే, తలుపు మూసుకుంటుంది. వాలంటీరు నేరుగా అడిగింది: "ఆత్మహత్య చేసుకోవాలన్న ఆలోచన వస్తోందా?"

ఈ ప్రశ్న గురించి జనంలో బలమైన భయం ఉంది. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని. దీన్ని పరిశోధకులు పరీక్షించి చూశారు. 2005లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో 2,300 మందికి పైగా హైస్కూలు విద్యార్థులను రెండు వర్గాలుగా విభజించి, ఒక వర్గాన్ని మాత్రమే ఆత్మహత్య ఆలోచనల గురించి అడిగారు. అడిగినందువల్ల వారిలో బాధ గానీ ఆ ఆలోచనలు గానీ పెరగలేదు. అప్పటికే కుంగుబాటుతో ఉన్న పిల్లల్లో కూడా చెడు జరగలేదు. అయినా అడగడానికి నోరు రాదు, శిక్షణ పొందినవారికి కూడా. 2007లో ప్రచురించిన మరో అధ్యయనంలో పరిశోధకులు అమెరికాలోని 14 హెల్ప్‌లైన్ కేంద్రాలకు వచ్చిన 2,611 కాల్స్‌ను మౌనంగా విన్నారు. వారు విశ్లేషించిన కాల్స్‌లో దాదాపు సగంలో ఆత్మహత్య ఆలోచనల గురించి అసలు అడగనే లేదు. ఆ అధ్యయనంలోనే మరొక సంగతి తేలింది. కాల్ చివరికి మనిషి తేరుకోవడానికి తోడ్పడినవి వాలంటీరు చూపిన సహానుభూతి, గౌరవం, సమస్యను కలిసి ఆలోచించే తీరు. చెప్పిన మాటను తిరిగి చెప్పే నేర్పు ఒక్కటే అలాంటి ఫలితం ఇవ్వలేదు. ఇది చదివినప్పుడు నాకు నా పాత కాల్స్ కొన్ని గుర్తొచ్చి బాధపడ్డాను. పద్ధతి తప్పకుండా మాట్లాడాను, కానీ అడగాల్సింది అడగలేదు.

ఆయన చాలాసేపు జవాబివ్వలేదు. తరువాత, "వస్తుంది. కానీ చేసుకోనండి" అన్నాడు. అలా అని ఆమె అక్కడితో వదలలేదు. ఈ రాత్రి ఆ ఆలోచన ఎంత బలంగా ఉంది, ఎలా చేసుకోవాలో ఎప్పుడైనా ఆలోచించారా, అందుకు కావలసినది ఏదైనా ఇంట్లో చేతికి అందేలా ఉందా, ఇంతకు ముందు ప్రయత్నించారా, ఇప్పుడు దగ్గరలో ఎవరైనా ఉన్నారా అని ఒక్కొక్కటిగా, హడావుడి లేకుండా అడిగింది. ఇవి విచారణ ప్రశ్నల్లా వినిపించవచ్చు. నిజానికి చాలామందికి ఇవి ఊరటనిస్తాయి, ఎందుకంటే ఇన్నాళ్లూ ఒంటరిగా మోసిన విషయం గురించి ఎదుటి మనిషి భయపడకుండా మాట్లాడుతున్నారు. ఆయనకు పథకం ఏమీ లేదు. ప్రయత్నించిన చరిత్ర లేదు. భార్య పక్క గదిలో ఉంది. ఒకవేళ చేతికి అందే ప్రమాదకరమైన వస్తువేదో ఉండి ఉంటే, దాన్ని ఈ రాత్రికే దూరంగా ఎలా ఉంచాలి, ఎవరికి అప్పగించాలి అన్నదే కాల్‌లో తరువాతి పని అయ్యేది. తీవ్రమైన ఆవేగం ఎప్పుడూ ఒకే స్థాయిలో ఉండదు, ఎగసి తగ్గుతుంది. అది ఎగసిన సమయంలో ప్రాణానికి ముప్పు తెచ్చేది దగ్గర లేకపోవడం ప్రాణాలు కాపాడుతుంది.

గోప్యత విషయం ఇక్కడే తేల్చుకోవాలి. చాలా లైన్లలో పేరు చెప్పనవసరం లేదు. కానీ ప్రాణానికి తక్షణ ముప్పు ఉందనిపిస్తే ఏం చేస్తారన్నది అన్నిచోట్లా ఒకేలా ఉండదు. కొన్ని సంస్థలు మీ అంగీకారం లేకుండా ఎవరినీ పంపడానికి దాదాపుగా ఇష్టపడవు. కొన్ని అత్యవసర సేవలకు తెలియజేస్తాయి. కాల్ మొదట్లోనే "నేను చెప్పేది ఎవరికైనా చెబుతారా, ఏ పరిస్థితుల్లో చెబుతారు?" అని అడగడానికి మీకు పూర్తి హక్కు ఉంది. మంచి వాలంటీరు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు, సూటిగా చెబుతారు.

కాల్ ముగింపు కూడా ఊహించినట్టు ఉండదు. సమస్యకు పరిష్కారం దొరకదు. తమ్ముడు తిరిగి రాడు. ఆమె చివర్లో అడిగింది ఒక్కటే, తెల్లవారే వరకు ఎలా గడుపుదామని. ఇంతకుముందు ఇలాంటి రాత్రులు ఎలా గడిచాయని అడిగితే, లైటు వేసుకుని రేడియో పెట్టుకుంటే కాస్త నయంగా ఉండేదని ఆయనే చెప్పాడు. ఆలోచన మళ్లీ ముంచుకొస్తే భార్యను లేపుతానన్నాడు. పొద్దున్న ఆమెకు ఈ కాల్ గురించి చెబుతానన్నాడు. ఈ నిర్ణయాలన్నీ ఆయన నోటి నుంచి వచ్చినవే, వాలంటీరు రాసి ఇచ్చినవి కావు. అవి నిలబడటానికి కారణం అదే. ఫోను పెట్టేముందు ఆమె, ఇలా ఆత్మీయులను పోగొట్టుకున్నవారు కలుసుకునే బృందాలుంటాయని చెప్పి, వివరాలు ఇవ్వమంటారా అని అడిగింది. మొత్తం ముప్పై అయిదు నిమిషాలు.

అన్ని కాల్స్ ఇలా సాగవని కూడా చెప్పాలి. మధ్యలో లైను తెగిపోవచ్చు. ఫోను ఎత్తినవారు అలసిపోయి ఉండవచ్చు. మూడో నిమిషంలోనే "మీరు ధైర్యంగా ఉండాలి, కుటుంబం గురించి ఆలోచించండి" అని మొదలుపెడితే, మీరు చెప్పింది ఇంకా వారికి చేరలేదని గుర్తు. అప్పుడు "సలహా వద్దు, కాసేపు వినండి చాలు" అని అడగవచ్చు. అయినా మారకపోతే పెట్టేసి, కొంతసేపాగి మళ్లీ చేయవచ్చు. సాధారణంగా మరొకరు ఎత్తుతారు. మరో విషయం, ఆత్మహత్య ఆలోచన ఉంటేనే ఫోను చేయాలన్న నియమం ఎక్కడా లేదు. ఒంటరితనం, గొడవ, పరీక్ష, విడిపోవడం, పేరు పెట్టలేని దిగులు, ఏదైనా సరే. కానీ ఎవరైనా ఇప్పటికే తమకు హాని చేసుకుని ఉంటే, లేదా చేసుకోబోతూ ఉంటే, హెల్ప్‌లైన్ వరుసలో ఆగకుండా నేరుగా అత్యవసర వైద్య సహాయానికి చేయాలి.

ఇక హెల్ప్‌లైన్ చేయలేని పని ఒకటుంది. ఆ రాత్రి వాలంటీరు ఆయనతో "అది మీ తప్పు కాదు" అనలేదు. అని ఉన్నా లాభం ఉండేది కాదు. ఆ మాట ఆయనకు భార్య చెప్పింది, స్నేహితులు చెప్పారు, వైద్యుడు కూడా చెప్పాడు. ఆయన మనసులో ఒక లెక్క ఉంది: "నేను ఫోను ఎత్తి ఉంటే తమ్ముడు బతికేవాడు." ఆ లెక్కను ఫోను ఎత్తకపోవడమంటే ఏమిటో తెలియనివారు ఎంత ప్రేమగా కొట్టిపారేసినా, మీకేం తెలుసులే అని లోపల ఒక గొంతు అంటూనే ఉంటుంది.

మూడు వారాలు వెనకాముందాడి ఆయన బృందానికి వెళ్లాడు. ఒక గది, గుండ్రంగా కుర్చీలు, తొమ్మిది మంది. అందరూ ఆత్మహత్య వల్ల దగ్గరివారిని పోగొట్టుకున్నవారే. నడిపించే ఆమె కూడా అంతే, కాకపోతే ఆమె నష్టం పదకొండేళ్ల నాటిది. మొదట నియమాలు చదివి వినిపించింది. ఇక్కడ విన్నది ఇక్కడే ఉండాలి. ఎవరి అనుభవం వారు "నేను" అంటూ చెప్పాలి, ఇతరులకు "మీరు ఇలా చేయాలి" అనకూడదు. మరణం ఎలా జరిగిందన్న వివరాలు చెప్పుకోనక్కర్లేదు, అవి వినేవారిని గాయపరుస్తాయి. మాట్లాడటం ఇష్టం లేకపోతే "నా వంతు వదిలేయండి" అంటే చాలు. ఆయన ఆ రోజు తన వంతు వదిలేశాడు. తొలిసారి చాలామంది అదే చేస్తారు, అది వృథాగా వెళ్లి రావడం కాదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఎత్తని ఫోను గురించి చెప్పాడు. గదిలో ఎవరూ "అది మీ తప్పు కాదు" అనలేదు. కాసేపటికి ఎదురుగా కూర్చున్న ఒక స్త్రీ తన వంతులో ఇలా చెప్పింది: "మా అక్క ఫోను చేసింది. నేను ఎత్తాను. ముప్పావుగంట మాట్లాడాను. నవ్వించాను కూడా. పొద్దున్న వస్తానన్నాను. పొద్దుటికి లేదు. ఇన్నాళ్లూ నేను, ఆ రాత్రే వెళ్లి ఉంటే బతికేదని అనుకుంటున్నాను."

ఆమె ఆయన్ని ఓదార్చడానికి ఆ మాట అనలేదు. తన సంగతి తాను చెప్పుకుంది, అంతే. కానీ ఆయన లెక్కకు ఆధారమైన మెట్టు అక్కడ కదిలింది. ఫోను ఎత్తినవారు కూడా ఆ గదిలోనే, అదే కుర్చీలో, అదే అపరాధభావంతో కూర్చున్నారు. వెళ్లినవారు, పక్కనే ఉన్నవారు, ఆసుపత్రికి తీసుకెళ్లినవారు కూడా ఉన్నారు. తాను చేయని ఆ ఒక్క పనే ఫలితాన్ని నిర్ణయించిందన్న నమ్మకం వారందరి ముందు మునుపటిలా నిలబడలేకపోయింది. ఈ పని వాదనతో జరిగేది కాదు. అదే గాయం ఉండి, వేరే దారిన వచ్చిన మనిషి ఎదురుగా కూర్చుంటేనే జరుగుతుంది. తోటివారి బృందం గురించి నాకు తెలిసిన అతి ముఖ్యమైన విషయం ఇదే, మిగతావన్నీ దీని తరువాతే.

ఇది కొత్తగా కనుక్కున్నది కూడా కాదు. 1935లో మద్యం మానేసి కొన్ని నెలలే అయిన ఒక అమెరికన్ వ్యాపారి, బిల్ విల్సన్, అక్రన్ అనే ఊరిలో ఒక హోటల్‌లో ఉండగా మళ్లీ తాగాలన్న కోరికతో సతమతమయ్యాడు. అప్పుడు ఆయన వైద్యుడి కోసం వెతకలేదు. తనలాగే తాగుడుతో పోరాడుతున్న మరో మనిషి ఎక్కడైనా ఉన్నాడా అని వరుసగా ఫోన్లు చేశాడు. అలా దొరికిన వ్యక్తి బాబ్ స్మిత్ అనే శస్త్రవైద్యుడు. పావుగంటకు మించి కూర్చోనని వచ్చిన స్మిత్ గంటల తరబడి మాట్లాడాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ ఆ పరిచయం నుంచే పుట్టింది. గమనించాల్సింది ఏమిటంటే, ఆ రోజు సహాయం అవసరమై ఫోను చేసినవాడు విల్సన్. మరొకరికి చెప్పడం ద్వారానే ఆయన తాగకుండా నిలబడ్డాడు. ఫ్రాంక్ రీస్‌మన్ అనే పరిశోధకుడు 1965లో రాసిన ఒక వ్యాసంలో దీనికి ఒక సూత్రంగా రూపమిచ్చాడు. సహాయం చేసేవారికే, కొన్నిసార్లు పొందేవారికన్నా ఎక్కువగా, మేలు జరుగుతుందని.

బృందాలకు హద్దులూ ఉన్నాయి, చెడిపోయే తీరులూ ఉన్నాయి. ఎవరి బాధ పెద్దదన్న పోటీ మొదలైతే చెడుతుంది. ఒకరిద్దరే ప్రతిసారీ సమయమంతా తీసుకుంటుంటే, నడిపేవారు ఆపలేకపోతుంటే చెడుతుంది. మందులు మానేయమని, వైద్యుడి దగ్గరికి వెళ్లొద్దని ఎవరైనా అంటే, దానికి బృందం తల ఊపితే, అక్కడి నుంచి బయటపడటం మంచిది. బృందం నుంచి ఇంటికి వచ్చాక ఆ రోజు బరువుగా ఉండటం సహజం. కానీ వారాలు గడిచినా ప్రతిసారీ వెళ్లకముందు కన్నా కుంగిపోయి వస్తుంటే, అది మీకు సరిపడని బృందం కావచ్చు, లేదా మీకు ముందుగా ఒక నిపుణుడితో విడిగా మాట్లాడే అవసరం ఉండవచ్చు. మరణం జరిగిన తొలి వారాల్లో ఇతరుల కథలు వినగలిగే స్థితి చాలామందికి ఉండదు. అందుకే కొన్ని బృందాలు చేర్చుకునే ముందు విడిగా ఒకసారి మాట్లాడతాయి. రెండు మూడుసార్లు వెళ్లి చూశాక నిర్ణయించుకోవడం మేలు. ఒక్కసారికే తేలదు.

ఆయన నెలకు రెండుసార్లు వెళ్లాడు. నిద్ర మాత్రలు, కుంగుబాటుకు చికిత్స వైద్యుడి దగ్గర వేరుగా సాగాయి, బృందం వాటి జోలికి పోలేదు. నాలుగో నెలలో ఒక కుర్రవాడు కొత్తగా వచ్చాడు. స్నేహితుడి నుంచి వచ్చిన సందేశాన్ని మరునాటి వరకు చూడలేదట. అది చెప్పి తల దించుకున్నాడు. తన వంతు వచ్చినప్పుడు ఆయన, "నాకూ ఒక కాల్ వచ్చింది. నేనూ ఎత్తలేదు" అన్నాడు. ఆ వాక్యాన్ని ఏడవకుండా అనగలగడం అదే మొదటిసారని తరువాత ఆయనే గమనించాడు.

ఏడాది తిరిగిన రాత్రి బృందం కలిసే రోజు కాదు. నిద్ర పట్టలేదు. ఆయన లైటు వేసుకుని మళ్లీ ఆ నంబరుకే చేశాడు. కొంతసేపు ఆగాల్సి వచ్చింది, ఆగాడు. ఈసారి ఎత్తింది వేరే గొంతు. ఆయన గురించి ఏమీ తెలియని మనిషి.

"నమస్కారం, చెప్పండి."

"ఏడాది క్రితం ఇదే రోజు మా తమ్ముడు ఆత్మహత్య చేసుకున్నాడండి" అన్నాడు ఆయన. "ఈ రాత్రి నాకు అలాంటి ఆలోచన లేదు. ఒక అరగంట వాడి గురించి మాట్లాడాలని ఉంది."

"చెప్పండి" అంది ఆ గొంతు. "మీ తమ్ముడు ఎలాంటి మనిషి?"